తలపోతను ఇంగ్లీషులోకి తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జ్ఞాపకం మీదో, మనసులో మెదిలే ఒక ఆలోచన మీదో తెలుగులో నెమ్మదిగా సాగే రచనను ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్లకు ఒకే రకం సందేహాలు మళ్లీమళ్లీ వస్తుంటాయి. అర్థం తప్పదు, వ్యాకరణం తప్పదు, అయినా మూలంలో గొంతుకు అడ్డుపడిన వాక్యం ఇంగ్లీషులో మామూలు సమాచారంలా తేలిపోతుంది. ఆ సందేహాలను పని జరిగే వరుసలో ఇక్కడ కూర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మూలాన్ని ఒకసారి చదివి పని మొదలుపెట్టేస్తాను. అది చాలదా?

చాలదు. కనీసం మూడుసార్లు చదవాలి, ఒక్కోసారి ఒక్కో పని కోసం. మొదటిసారి పెన్సిలు పట్టుకోకుండా చదవండి. ముగిశాక ఏ వాక్యం మీలో మిగిలిందో ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. అనువాదం అయ్యాక ఇంగ్లీషు పాఠకుడిలోనూ అదే వాక్యం మిగలాలి కాబట్టి ఈ కాగితం తర్వాత పనికొస్తుంది.

రెండోసారి పైకి చదవండి. ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడ గీత పెట్టండి. ఈ గీతలు చాలాసార్లు కామాల దగ్గర పడవు. తెలుగులో కామాలు రచయిత అలవాటును బట్టి పడతాయి, ఊపిరి వాక్యం కట్టును బట్టి ఆగుతుంది. మీరు కాపాడాల్సినది ఊపిరిని.

మూడోసారి రెండు కాలాలను విడదీసి చూడండి. తలపోతలో ఎప్పుడూ ఇద్దరు ఉంటారు: ఆనాడు అనుభవించినవాడు, ఈనాడు తలచుకుంటున్నవాడు. ఏ వాక్యం ఎవరిదో అంచున గుర్తు పెట్టుకోండి. ఈ తేడా తెలియకుండా మొదలుపెడితే పదేళ్ల పిల్లవాడి భయాన్ని యాభై ఏళ్ల మనిషి మాటల్లో చెప్పేస్తారు.

ఇంగ్లీషులో పెద్ద మాటలు వాడాలా, చిన్న మాటలు వాడాలా?

మూలంలో ఏ పొర మాటలున్నాయో దాన్నిబట్టి. మనకు గుండె, మనసు, హృదయం అని మూడు మాటలున్నాయి. మూడూ ఒకచోటే తిరుగుతాయి, కానీ ‘గుండె’ ఒంటికి దగ్గర, ‘హృదయం’ పుస్తకానికి దగ్గర, ‘మనసు’ ఇంట్లో మాట్లాడుకునేది. ‘ఎదురుచూపు’ అన్న రచయితా, ‘నిరీక్షణ’ అన్న రచయితా ఒకే గొంతుతో మాట్లాడటం లేదు.

ఇంగ్లీషులోనూ ఇలాంటి రెండు పొరలున్నాయి. పాత ఇంటిమాటలు ఒక పొర, లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి వచ్చినవి రెండోది. ‘హోమ్’, ‘రెసిడెన్స్’ రెండూ ఇల్లే. ‘బిగిన్’, ‘కమెన్స్’ రెండూ మొదలుపెట్టడమే. అచ్చతెలుగు మాటకు మొదటి పొర నుంచి, సంస్కృత పదానికి రెండో పొర నుంచి వెతికితే గొంతు చాలావరకు సరిపోతుంది. అయితే తెలుగులో సంస్కృత పదాలు ఎన్నో ఇంటిమాటలైపోయాయి. ‘సంతోషం’ సంస్కృతమే, కానీ చంటిపిల్లలూ అంటారు. పదం పుట్టుకను కాదు, ఇవాళ ఎవరి నోట వినిపిస్తుందో దాన్ని చూడండి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే: దుఃఖం వచ్చిన చోటల్లా ఇంగ్లీషు పెద్దదైపోతుంది. మూలంలో ‘అమ్మ పోయింది’ అని రెండు మాటలుంటే, అనువాదంలో తల్లి స్వర్గస్థురాలైనట్టు వినిపించే వాక్యం వస్తుంది. ‘డైడ్’ అనే చిన్న మాట రాయడానికి చేయి రాదు. అక్కడ అదే రాయాలి.

## వాక్యం దగ్గర

తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో మధ్యలో. బరువు పడే చోటు మారిపోదా?

మారుతుంది. కానీ తెలుగు వాక్యంలో బరువు క్రియ మీద ఉంటుందనుకోవడం సగమే నిజం. మామూలు వాక్యంలో నొక్కు సాధారణంగా క్రియకు సరిగ్గా ముందున్న మాట మీద పడుతుంది. ‘నిన్న రవి వచ్చాడు’, ‘రవి నిన్న వచ్చాడు’ అనేవి పైకి చదివితే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ నొక్కు సాధారణంగా వాక్యం చివరి మాట మీద పడుతుంది. కాబట్టి తెలుగులో క్రియకు ముందున్నదాన్ని ఇంగ్లీషులో చివరికి తేవడం మంచి మొదటి ప్రయత్నం. ఒక చిన్న పేరా తీసుకుని చూద్దాం:

‘నాన్న వరండాలో వాలుకుర్చీ వేసుకుని, కళ్లజోడు తుడుచుకుని, వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎవరి కోసమో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. వీధి అదే.’

మొదటి వాక్యంలో క్రియకు ముందున్నది వీధి వైపు చూపు. ‘మై డాడ్ యూజ్డ్ టు సిట్’ అని మొదలుపెడితే కూర్చోవడం ముందే అయిపోతుంది, కుర్చీ, కళ్లజోడు తోకలా వేలాడతాయి. పనులు జరిగిన వరుసలోనే చెప్పి వీధి దగ్గర ఆపాలి: ‘మై డాడ్ వుడ్ సెట్ ది ఈజీ చైర్ అవుట్ ఆన్ ది వరండా, వైప్ హిజ్ గ్లాసెస్, అండ్ సిట్ వాచింగ్ ది స్ట్రీట్.’

రెండో వాక్యంలో రెండు గోతులున్నాయి. ‘హూ హీ వాజ్ వెయిటింగ్ ఫర్’ అంటే ఎదురుచూస్తున్నాడని మనమే తేల్చేసినట్టు. మూలంలో ఆయన చూస్తున్నాడంతే. ‘లుకింగ్ ఫర్’ అంటే వెతకడం అయిపోతుంది. ‘హీ నెవర్ సెడ్ హూ ఫర్’ అంటే మూలం వదిలేసినంత ఖాళీని మనమూ వదిలినట్టు. ‘మేమూ’లోని ఆ చివరి ఊకారం ముఖ్యం, ఆయన మౌనానికి పిల్లల మౌనాన్ని జత చేసేది అదే: ‘అండ్ వి నెవర్ ఆస్క్డ్.’ ఇక్కడ ‘నెవర్’ రెండోసారి రావడం ఆ జతను నిలబెడుతుంది.

నాలుగో వాక్యంలో క్రియకు ముందు ‘నేను’ ఉంది. ‘ఐ సిట్ ఇన్ దట్ చైర్ నౌ’ అంటే నొక్కు ‘ఇప్పుడు’ మీదికి జారుతుంది. పైగా ‘కూర్చుంటున్నాను’ అన్నది ఈ క్షణం సంగతి కాదు, ఈమధ్య రోజూ జరుగుతున్నది. అందుకే ‘ఐ యామ్ సిటింగ్’ తప్పు. ‘దీజ్ డేస్ ది వన్ ఇన్ దట్ చైర్ ఈజ్ మీ’ అంటే నొక్కు తన చోటికి వస్తుంది.

చివరి వాక్యం రెండే మాటలు. ‘ది స్ట్రీట్ హాజ్ నాట్ చేంజ్డ్’ చక్కగా వినిపిస్తుంది కానీ, మారింది నేనే అని చెవిలో చెప్పేస్తుంది. ‘సేమ్ స్ట్రీట్’ అంటే పొట్టిగా ఉంటుంది, కానీ గొంతు పత్రికా శీర్షికలా బిగుసుకుంటుంది. ‘ఇట్ ఈజ్ ది సేమ్ స్ట్రీట్’ అంటే మొదటి వాక్యం ఏ మాట మీద ఆగిందో చివరి వాక్యమూ అదే మాట మీద ఆగుతుంది. తెలుగులో ఈ ప్రతిధ్వని ఇంత గట్టిగా లేదు. కానీ వేరేచోట్ల పోగొట్టుకున్నదానికి ఇక్కడ దొరికిన బదులు ఇది. ఇలాంటిది దొరికితే వదులుకోవద్దు.

‘లేచి, కడుక్కుని, తీసి, చూసి’ అంటూ సాగే పొడుగు వాక్యాన్ని ముక్కలు చేయవచ్చా?

చేయవచ్చు, అయితే ముందు ఆ అసమాపక క్రియలు ఏ రకమో చూడాలి. ‘లేచి’, ‘తీసి’ అనేవి ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి. ‘చూస్తూ’, ‘నడుస్తూ’ అనేవి పక్కపక్కనే జరిగేవి. రెండింటికీ ఇంగ్లీషులో ‘ఇంగ్’ తగిలించడం వల్లనే చాలా అనువాదాలు కుంటుతాయి. ‘లేచి తలుపు తీసి చూశాను’ అన్నదాన్ని ‘గెటింగ్ అప్, ఓపెనింగ్ ది డోర్, ఐ లుక్డ్’ అని రాస్తే అన్నీ ఒకేసారి జరిగినట్టు ఉంటుంది. ‘ఐ గాట్ అప్, ఓపెన్డ్ ది డోర్ అండ్ లుక్డ్’ అని మామూలు భూతకాల క్రియలను వరుసగా పెట్టండి. ‘ఇంగ్’ను ‘తూ’ కోసం దాచుకోండి, వాక్యానికి ఒకటి మించకుండా.

నాలుగైదు పనుల వరకు ఒకే వాక్యంలో సాగనివ్వవచ్చు. అంతకు మించితే చూపు మారిన చోట తెంచండి: చేతి నుంచి కిటికీకి, ఇంట్లోంచి బయటికి. తెంచిన చోట ‘దెన్’ అని అతుకు వేయకండి, అది మూలంలో లేని టిక్కుటిక్కు చప్పుడు. ఒక్కోసారి ఊపిరాడనివ్వకపోవడమే ఆ వాక్యం ఉద్దేశం. కబురు అందగానే పరుగెత్తుకొచ్చినవాళ్ల గురించి చెప్పే వాక్యం అలాంటిది. అప్పుడు తెంచకూడదు, ‘అండ్’ను మళ్లీమళ్లీ వాడి ఆ పరుగును నిలపాలి.

‘వెళ్లేవాడు’, ‘ఉండేది’ అన్న ప్రతిచోటా ‘యూజ్డ్ టు’ పెడుతున్నాను. వినడానికి బాగోలేదు. ఏం చేయాలి?

తెలుగులో ఈ రూపం వరుసగా పది వాక్యాల్లో వచ్చినా చెవికి భారం కాదు, పైగా ఊయలలా ఊపుతుంది. ‘యూజ్డ్ టు’ మూడోసారికే తగులుతుంది. పేరా మొదట్లో ఒక్కసారి ‘యూజ్డ్ టు’ వాడి, ఇది రోజూ జరిగినదని స్థిరపరచండి. తర్వాతి రెండు మూడు వాక్యాలకు ‘వుడ్’ ఇవ్వండి. ఆ తర్వాత మామూలు భూతకాలానికి జారిపోండి. పాఠకుడు దాన్నీ అలవాటుగానే చదువుకుంటాడు.

ఒక హద్దు ఉంది. పనిని చెప్పే క్రియలకే ‘వుడ్’ నప్పుతుంది, స్థితిని చెప్పేవాటికి నప్పదు. ‘పెరట్లో బావి ఉండేది’ అన్నదానికి ‘దేర్ వుడ్ బి ఎ వెల్’ అంటే బావి ఇంకా తవ్వబోతున్నట్టుంటుంది. ‘దేర్ వాజ్ ఎ వెల్’ చాలు. ‘ఉండేది’లో ఉన్న ‘ఇప్పుడు లేదు’ అనే దిగులు అవసరమైన చోట మాత్రం ‘దేర్ యూజ్డ్ టు బి’ అనండి.

ఇంతకన్నా ముఖ్యం: ఈ అలవాటు వాక్యాల మధ్య హఠాత్తుగా ‘ఆ రోజు వెళ్లలేదు’ అని ఒక్కసారి జరిగినది వస్తుంది. తెలుగులో రూపం మారడంతోనే పాఠకుడు ఉలిక్కిపడతాడు. ఇంగ్లీషులో మీరు అప్పటికే మామూలు భూతకాలంలో ఉంటే ఆ ఉలికిపాటు పోతుంది. అందుకే ఆ మలుపుకు ముందు వాక్యంలో ‘వుడ్’ను మళ్లీ తెచ్చి పెట్టండి.

## మాటల దగ్గర

‘ఏడుపొచ్చింది’, ‘గుర్తొచ్చింది’ లాంటివాటిలో ‘నేను’ కర్త కాదు. ఇంగ్లీషులో ‘ఐ’ పెట్టక తప్పదా?

చాలాచోట్ల తప్పించవచ్చు, తప్పించాలి కూడా. తెలుగులో భావాలు మనిషి దగ్గరికి వస్తాయి, వేస్తాయి, పుడతాయి. నాకు అమ్మ గుర్తొచ్చింది, జాలి వేసింది, కోపం వచ్చింది. ప్రతిదాన్నీ ‘ఐ’తో మొదలుపెడితే తనంతట తాను వచ్చిన జ్ఞాపకాన్ని ప్రయత్నించి తెచ్చుకున్నట్టవుతుంది. ‘ఐ రిమెంబర్డ్ మై మదర్’ కన్నా ‘మై మదర్ కేమ్ టు మైండ్’ మూలానికి దగ్గర. పేరాలో రెండు మూడుచోట్ల ఇలా భావాన్నే కర్తను చేస్తే మొత్తం గొంతు మెత్తబడుతుంది. అన్నిచోట్లా చేస్తే మాత్రం ఇంగ్లీషు వింతగా మారుతుంది.

అర్థం కూడా జాగ్రత్త. ‘ఏడుపొచ్చింది’ అంటే ఏడ్చాడని కాదు. కన్నీళ్లు రాకపోయి ఉండొచ్చు, బిగబట్టుకుని ఉండొచ్చు. ‘ఐ క్రైడ్’ అని రాస్తే మూలం ఆపుకున్న ఏడుపును మనం బయటపెట్టినట్టే. ‘ఐ ఫెల్ట్ లైక్ క్రయింగ్’ సరిపోతుంది. తర్వాతి వాక్యంలో ‘ఏడ్చాను’ అని నిజంగా వస్తే, అప్పుడు ‘క్రైడ్’ తన పూర్తి బరువుతో పడుతుంది.

కదా, లే, అట... వీటిని వదిలేస్తే ఏమవుతుంది?

‘అట’ను వదిలేస్తే కథకుడు అబద్ధమాడినట్టవుతుంది. ‘అమ్మమ్మ ఆ రోజంతా ఏమీ తినలేదట’ అన్నప్పుడు చెబుతున్నవాడు అక్కడ లేడు, ఎవరో చెప్పగా విన్నాడు. ఆ దూరం తలపోతలో పెద్ద విషయం. ‘ఐ వాజ్ టోల్డ్’ అని పేరా మొదట్లో ఒకసారి చెప్పండి, ఆపై మామూలుగా సాగండి. ప్రతి వాక్యానికీ ‘దే సే’ తగిలిస్తే పుకార్లు చెబుతున్నట్టుంటుంది. ఎవరు చెప్పారో మూలంలో తెలిస్తే ఇంకా మంచిది, ‘మై మదర్ టోల్డ్ మీ’ అనవచ్చు.

‘కదా’కు వెంటనే ‘డిడింట్ యూ’ లాంటి తోక ప్రశ్న తగిలించకండి, నిలదీసినట్టుంటుంది. పోయినవాళ్లను ఉద్దేశించి ‘వస్తానన్నావు కదా’ అన్నప్పుడు అందులో నింద కన్నా బతిమాలడం ఎక్కువ. ‘యూ డిడ్ సే యూ వుడ్ కమ్’లో ఆ ‘డిడ్’ ఆ పనిని మెత్తగా చేస్తుంది. ‘వస్తాడులే’లోని ‘లే’ ఊరడింపు. దానికి ‘హీల్ కమ్, యూల్ సీ’ లాంటి రెండో ముక్క కావాలి.

బెంగ, దిగులు లాంటి మాటలకు ఇంగ్లీషులో సరైన పదమే లేదు. అలాగే ఉంచేయనా?

ముందు ఎవరికి, దేని మీద అని అడగండి. హాస్టల్లో చేరిన పిల్లవాడికి ఇంటి మీద బెంగ అయితే ‘హోమ్‌సిక్’ హాయిగా సరిపోతుంది. ఊరెళ్లిన కూతురి మీద తల్లి బెంగ అయితే ‘మిస్డ్ హర్’ పనిచేస్తుంది. ‘బెంగ పెట్టుకుని చిక్కిపోయింది’ అంటే ‘పైన్డ్’ అనే పాత మాట ఉండనే ఉంది. ఒకే తెలుగు మాటకు మూడుచోట్ల మూడు మాటలు వాడటం తప్పేం కాదు.

కానీ ఆ మాటే రచన అంతటా పల్లవిలా తిరుగుతుంటే, శీర్షికలోనో ముగింపులోనో అదే ఉంటే, మూడు ముక్కలు చేయడం రచనను చంపేస్తుంది. అప్పుడు తెలుగు మాటనే ఉంచండి. పక్కన బ్రాకెట్లో అర్థం ఇవ్వవద్దు, కింద గమనికా వద్దు. మొదటిసారి వచ్చిన చోట ఆ మాట ఏం చేస్తుందో కనబడేలా ఉండాలి: తినలేకపోవడం, గేటు చప్పుడుకల్లా తలెత్తడం. అలాంటి వాక్యం మూలంలోనే దగ్గర్లో ఉంటే ఆ మాటను దానికి ఆనించి పెట్టండి. ఒక రచనలో ఇలా ఉంచే మాటలు, చుట్టరికాలను వదిలేస్తే, రెండు మూడుకు మించకపోతే మేలు.

దిగులును ‘శాడ్’ అనేయడం తొందరపాటు. శాడ్ చాలావరకు జరిగిపోయినదాని వైపు చూస్తుంది, దిగులు జరగబోయేదాని వైపు కూడా చూస్తుంది. ‘సాయంత్రమైతే దిగులుగా ఉంటుంది’ అన్నదానికి బరువును సూచించే ‘ఎ హెవీనెస్’ ఎక్కువ దగ్గర.

మనం, మేము రెండూ ‘వి’ అయిపోతున్నాయి. వాడు, ఆయన రెండూ ‘హీ’ అయిపోతున్నాయి. ఏం చేయగలం?

ఆ మాట దగ్గరే సరిచేయలేం, పక్కన సరిచేయాలి. అక్క తమ్ముడితో ‘మనకిక అమ్మ లేదురా’ అంటే ఆ ‘మన’లో తమ్ముణ్ణి దగ్గరికి తీసుకోవడం ఉంది. బయటివాళ్లతో ‘మాకు అమ్మ లేదండీ’ అంటే అది సమాచారం. మొదటిదానికి ‘యూ అండ్ ఐ హావ్ నో మదర్ నౌ’ అనండి, రెండోదానికి ‘వి హావ్ నో మదర్’ చాలు.

‘నాన్న కూర్చునేవాడు’ అన్నవాడికీ ‘నాన్నగారు కూర్చునేవారు’ అన్నవాడికీ తండ్రితో ఉన్న దూరం వేరు. మొదటిదానికి ‘నాన్న’నే ఉంచడమో ‘మై డాడ్’ అనడమో కుదురుతుంది, రెండోదానికి ‘మై ఫాదర్’, చుట్టూ కాస్త నిటారుగా నిలబడే వాక్యాలు. పిన్ని, మేనత్త, బావ లాంటివాటిని ‘ఆంట్’, ‘కజిన్’ చేసేస్తే మనుషులు కలిసిపోతారు. మొదటి ప్రస్తావనలోనే చుట్టరికం వాక్యంలో కలిపి చెప్పి, తర్వాత తెలుగు పిలుపునే ఉంచండి.

## సాపు ప్రతి దగ్గర

తప్పులేమీ లేవు, అయినా చప్పగా ఉంది. ఎక్కడ వెతకాలి?

ముందు మీరు చేర్చినవాటిలో వెతకండి. మూలంలో లేని ‘బట్’, ‘సో’, ‘బికాజ్’ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తెలుగు రచయిత రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి వదిలేస్తే, వాటి మధ్య సంబంధాన్ని పాఠకుడే తడుముకోవాలి. ఆ తడుములాటలోనే బాధ ఉంది. ‘అందుకే’ అని మనం చెప్పేస్తే అది తీరిపోతుంది.

తర్వాత విశేషణాలు. అనువాదకుడికి భావం జారిపోతుందనే భయం ఉన్నచోట ‘డీప్’, ‘సైలెంట్’, ‘పెయిన్‌ఫుల్’ లాంటివి వచ్చి చేరతాయి. కొట్టేసి చదవండి. వాక్యం నిలబడితే అవి అక్కర్లేదు.

ఇక చుక్కలు. తెలుగులో మూడు చుక్కలు మాట తడబడటానికి, ఊపిరి తీసుకోవడానికి ధారాళంగా వాడతారు. ఇంగ్లీషులో అన్నీ ఉంచితే గొంతు నాటకీయంగా వణుకుతుంది. చాలాచోట్ల పూర్తి విరామం పెట్టి, తర్వాతి వాక్యాన్ని పొట్టిగా మొదలుపెడితే అదే నిశ్శబ్దం వస్తుంది.

‘వెళ్లలేకపోయాను’ ఒక్క మాట, ఇంగ్లీషులో నాలుగు. లయ ఎలా సరిపోతుంది?

మాటలు లెక్కపెట్టకండి, అక్షరాలు వినండి. ‘వెళ్లలేకపోయాను’లో 7 అక్షరాలున్నాయి, మెల్లగా దిగుతాయి. ‘ఐ కుడ్ నాట్ గో’లో పలికేవి 4, ఠక్కుమని ఆగుతాయి. పైగా తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి వాక్యం తెరుచుకునే ఉంటుంది, ఇంగ్లీషు వాక్యం చాలాసార్లు హల్లుతో మూసుకుంటుంది. మెల్లగా దిగాల్సిన చోట ‘ఐ కుడ్ నాట్ బ్రింగ్ మైసెల్ఫ్ టు గో’ అనవచ్చు, కానీ మనసు ఒప్పక వెళ్లలేదన్న అర్థం మూలంలో ఉంటేనే. బస్సు తప్పిపోయి వెళ్లలేకపోతే ఆ వాక్యం తప్పు. పేరా చివరి మాటకు మాత్రం ‘హోమ్’, ‘గాన్’ లాంటి సాగే ధ్వని ఉన్నదాన్ని ఎంచుకునే వీలుంటే, ‘స్టాప్ట్’ లాంటి తెగే ధ్వనిని వదలండి.

పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

నాలుగైదు రోజులు పక్కన పెట్టి, మూలాన్ని తెరవకుండా ఇంగ్లీషును మాత్రమే పైకి చదవండి. నాలుక తడబడిన ప్రతిచోటా గీత పెట్టండి. తర్వాతే మూలంతో పోల్చండి. మూలంలోనూ అక్కడ తడబాటు ఉంటే ఉంచండి, లేకపోతే సరిచేయండి.

ఆపైన తెలుగు రాని ఒకరికి ఇవ్వండి. ‘బాగుందా’ అని అడగవద్దు. రెండే ప్రశ్నలు అడగండి: ఎక్కడ ఆగారు, ఏ వాక్యం గుర్తుంది? ఆగిన చోట అర్థంకాక ఆగారో, మనసు పట్టుకుని ఆగారో విడదీసి తెలుసుకోండి. గుర్తున్న వాక్యాన్ని, మొదటి చదువులో మీలో మిగిలిన వాక్యంతో పోల్చండి. రెండూ ఒకటే అయితే పని అయినట్టే. వేరైతే వారికి గుర్తున్న వాక్యాన్ని ముట్టుకోకుండా, మీ వాక్యానికి ముందున్న రెండు వాక్యాలను చూడండి. చాలాసార్లు తప్పు ఆ వాక్యంలో ఉండదు, దాని ముందు మనం ఎక్కువ మాట్లాడేసి ఉంటాం.